విందు చాలలేదు... మర్నాడు ఏం రాయాలి?

పెళ్లో రిసెప్షనో గృహప్రవేశమో అయిన మర్నాడు కుటుంబ గ్రూపు నిండా ఫొటోలే ఉంటాయి. జంట చూడముచ్చటగా ఉందంటారు, డెకరేషన్ అదిరిందంటారు. భోజనాల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మన ఇళ్లలో విందు బాగుంటే ముందు వచ్చే మాట అదే. అది రాలేదంటే ఏదో జరిగిందన్నమాట. రాత్రి ఆఖర్న వచ్చినవాళ్లకు బిర్యానీ అందలేదు, కొందరు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు, ఇంకొందరు ఖాళీ గిన్నెలు చూసి చడీచప్పుడు లేకుండా బయల్దేరిపోయారు. ఇది ఇంటివాళ్లకూ తెలుసు, వచ్చినవాళ్లకూ తెలుసు. వచ్చినవాళ్లు మర్యాదకొద్దీ నోరు విప్పరు కాబట్టి ఆ మాట ఎత్తాల్సింది పిలిచినవాళ్లే.

చాలా ఇళ్లలో ఏం చేస్తారంటే, కృతజ్ఞతల మెసేజ్ చివర ‘ఏమైనా లోటుపాట్లు జరిగి ఉంటే పెద్ద మనసుతో మన్నించగలరు’ అని ఒక ముక్క తగిలిస్తారు. ఏ లోటూ లేని పెళ్లి తర్వాతా అదే వాక్యం వస్తుంది, అన్నం చాలని పెళ్లి తర్వాతా అదే వస్తుంది. ఆకలితో ఇంటికి వెళ్లినవాళ్లు దాన్ని క్షమాపణ కింద లెక్కకట్టరు. వాళ్లకు పంపాల్సిన మాట వేరే ఉంది. దాన్ని ఎలా రాయాలో, ఎవరికి ఏ దారిన చేర్చాలో చూద్దాం.

అతిథికి తగిలే దెబ్బ ఎక్కడ?

2023లో వచ్చిన ‘బలగం’ సినిమాలో ఇంటల్లుడికి నల్లి బొక్క దగ్గర మొదలైన గొడవ ఏళ్ల తరబడి రాకపోకలు తెంచేస్తుంది. అదే ఏడాది చివర్లో నిజామాబాద్ అమ్మాయికీ జగిత్యాల అబ్బాయికీ కుదిరిన సంబంధం, విందులో మూలుగ బొక్క వడ్డించలేదన్న తగవుతో తప్పిపోయిందని పత్రికలు రాశాయి. దూరం నుంచి చూసేవాళ్లకు ఇది నవ్వులాట. ఆ విస్తరి ముందు కూర్చున్న మనిషికి మాత్రం ‘వీళ్ల లెక్కలో నేను లేను’ అన్నట్టు వినిపిస్తుంది. అన్నం చాలని విందులోనూ మనసులో గుచ్చుకునేది ఇదే. ఒక పూట ఆకలి ఇంటికెళ్లి ఉప్మా చేసుకుంటే తీరిపోతుంది. లెక్కలో లేమన్న బాధ మాత్రం పిలిచినవాళ్లు పలకరిస్తే తప్ప తీరదు.

క్షమాపణలో ఏ భాగం ఎక్కువ పని చేస్తుందో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవికీ, ఇద్దరు సహ పరిశోధకులతో కలిసి పరిశీలించారు. వాళ్ల వ్యాసం 2016లో వెలువడింది. విచారం తెలపడం, ఎందుకు జరిగిందో చెప్పడం, తప్పు నాదని ఒప్పుకోవడం, మళ్లీ ఇలా చేయనని మాటివ్వడం, జరిగిన నష్టాన్ని సరిదిద్దుతానని ముందుకు రావడం, మన్నించమని కోరడం అంటూ క్షమాపణను ఆరు భాగాలుగా విడదీశారు. అన్నిటికంటే గట్టిగా పని చేసింది తప్పు తనదని ఒప్పుకోవడం. దాని తర్వాత సరిదిద్దుతాననడం. అందరూ ముందుగా పట్టుకునే ‘మన్నించండి’ అన్న మాట అన్నిటికంటే వెనకబడింది. మన విందు విషయంలో దీన్నిబట్టి చూస్తే, మెసేజ్ అంతా మన్నింపు కోరుతూ సాగి, లెక్క ఎవరు తప్పారో ఒక్క ముక్కా చెప్పకపోతే అది ఉత్త మర్యాద మాటగానే మిగులుతుంది.

ఒక రిసెప్షన్ లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చిన్న పట్టణంలో కూతురి రిసెప్షన్, రాత్రి బఫే. ఇంటాయన 250 శుభలేఖలు పంచాడు. ఇంటికి ఇద్దరు చొప్పున వేసుకుని కేటరింగ్ ఆయనకు 500 ప్లేట్లు చెప్పాడు. వచ్చినవాళ్లు 560 మంది. వీళ్లు కాక ఫొటోగ్రాఫర్లు, వీడియో వాళ్లు, డెకరేషన్ కుర్రాళ్లు, మేళగాళ్లు, కారు డ్రైవర్లు కలిపి ఇంకో 30 మంది. వీళ్లను మన ఇళ్లలో లెక్కవేయడమే ఉండదు, పస్తు పంపడమూ ఉండదు. మొత్తం 590. కేటరింగ్ ఆయన చెప్పినదానికి కాస్త ఎక్కువే వండిస్తాడు కాబట్టి ఇంకో 30 మంది వరకు గట్టెక్కారు. మిగిలిన 60 మందికి లోటు పడింది.

తొమ్మిదింపావుకు బిర్యానీ అడుగంటింది. దమ్ బిర్యానీని అప్పటికప్పుడు మళ్లీ పెట్టడం కుదరని పని. బియ్యం నానాలి, మసాలా పట్టాలి, దమ్ పడాలి. వంటవాళ్లు చేయగలిగిందల్లా తెల్లన్నం వార్చి, సాంబారు పొంగించి, పెరుగు తెప్పించడం. దానికి పాతిక నిమిషాలు పట్టింది. ఆ పాతిక నిమిషాలూ ఆగిన 35 మంది సాంబారన్నం, పెరుగన్నం తిని లేచారు. ఏడు కుటుంబాలకు చెందిన 25 మంది తినకుండానే వెళ్లిపోయారు.

ఆ పాతిక నిమిషాల్లో ఇంటి మనిషి ఒకరు డైనింగ్ దగ్గర నిలబడి ‘బిర్యానీ అయిపోయిందండీ, అన్నం ఉడుకుతోంది, పాతిక నిమిషాలు పడుతుంది, ఉండండి’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే కొందరు ఆగేవారు. ‘వచ్చేస్తోంది, రెండు నిమిషాలు’ అంటూ వడ్డించే కుర్రాళ్లు చెప్పిన అబద్ధమే చాలామందిని లేపి పంపించింది. మర్నాటి మెసేజ్‌లో ఇదీ ఒప్పుకోవాల్సిన విషయమే.

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఎవరికి అందలేదన్నది. అందరినీ అడుగుతూ పోతే ఊరంతా చాటింపు వేసినట్టవుతుంది. ఇంట్లోనే రెండు ఆధారాలుంటాయి. చదివింపుల పుస్తకంలో పేర్లు వచ్చిన వరుసలో ఉంటాయి, ఆఖరి పేజీలు చూస్తే ఆలస్యంగా వచ్చిందెవరో తెలిసిపోతుంది. స్టేజీ మీద తీసిన ప్రతి ఫొటోకూ కెమెరాలో టైము నమోదవుతుంది. తొమ్మిది తర్వాత ఫొటోల్లో ఉన్నవాళ్లను ఒక కాగితం మీద రాసుకుని, డైనింగ్ దగ్గర, పార్కింగ్ దగ్గర ఉన్న మన పిల్లల్ని అడిగితే గంటలో జాబితా సిద్ధమవుతుంది. దాన్ని రెండుగా విడదీయాలి. తినకుండా వెళ్లినవాళ్లు ఒక వరుస, అరకొరగా తిన్నవాళ్లు ఇంకో వరుస. మన ఉదాహరణలో మొదటి వరుసలో ఏడు ఇళ్లు, రెండో వరుసలో పదిహేను, పదహారు ఇళ్లు ఉంటాయి. ఇన్ని ఇళ్లకు విడివిడిగా రాయడం ఒక పూట పని.

ఇంటాయన మొదట రాసింది

ఆ రాత్రి ఒంటిగంటకు, అలసటలో ఆయన ఇలా రాశాడనుకుందాం:

‘ప్రియమైన బంధుమిత్రులకు నమస్కారం. నిన్నటి మా అమ్మాయి రిసెప్షన్‌కు ఊహించిన దానికంటే ఎక్కువ మంది విచ్చేసినందువలన, కేటరింగ్ వారి పొరపాటు వలన కొందరికి అసౌకర్యం కలిగి ఉంటే క్షమించగలరు. మీ ఆశీస్సులకు ధన్యవాదాలు.’

ఇందులో మర్యాదకేమీ లోటు లేదు. అయినా తినకుండా వెళ్లినవాళ్లు చదివితే ఒళ్లు మండుతుంది. ‘ఊహించిన దానికంటే ఎక్కువ మంది’ అంటే వచ్చినవాళ్లదే తప్పన్నమాట. శుభలేఖ మీదేమో సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని అచ్చు వేయించిందీ ఈయనే. రమ్మన్నట్టే వచ్చారు. ఘటోత్కచుడేమీ వంటశాలలో దూరలేదు.

‘కేటరింగ్ వారి పొరపాటు’ అన్నదీ అంతే. ఒకవేళ కేటరింగ్ ఆయన నిజంగా తక్కువే వండినా, అతిథిని పిలిచింది ఆయన కాదు. ఎన్ని ప్లేట్లకు మాట్లాడుకున్నారు, ఎన్ని పెట్టారు, డబ్బు ఎంత తగ్గించాలి అన్నది ఆయనతో విడిగా కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క. అది అతిథి చెవిన పడాల్సిన పని లేదు.

ఇక ‘అసౌకర్యం కలిగి ఉంటే’. రైలు ఆలస్యమైనప్పుడు స్టేషన్లో మైకులో వినిపించే ధోరణి ఇది. పైగా ‘ఉంటే’ అనడంతో కలిగిందో లేదో తనకు తెలియదన్నట్టుంది. ఆయనకు తెలుసు. తెలిసి కూడా అలా రాశాడని చదివేవాళ్లకూ తెలుస్తుంది. అసలు జరిగింది భోజనం చాలకపోవడం అయితే, ఆ మాటే ఈ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

ఇంకో ఇబ్బంది, దీన్ని 250 ఇళ్లకు ఒకేసారి పంపడం. ఏడు గంటలకే వచ్చి కడుపునిండా తిన్నవాళ్లకు లోటు పడిన సంగతే తెలియదు. వాళ్లకు ఈ మెసేజ్ వెళితే ‘ఏమైందట?’ అంటూ ఆరాలు మొదలవుతాయి. నిజంగా బాధపడినవాళ్లకేమో తాము ఆ గుంపులో ఒకరు మాత్రమే అనిపిస్తుంది.

తిరగరాస్తే

తినకుండా వెళ్లిన ఏడు ఇళ్లలో ఒకటి, పక్క జిల్లా నుంచి బస్సులో వచ్చిన పెదనాన్న కొడుకు కుటుంబం అనుకుందాం. ఆయనకు ఇలా రాయవచ్చు:

‘అన్నయ్యా, నమస్కారం. నిన్న రాత్రి మీరు, వదిన, పిల్లలు మా అమ్మాయి రిసెప్షన్‌లో భోజనం చేయకుండా వెళ్లారు. మీరు డైనింగ్ దగ్గరికి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఎంతమందికి వండాలో చెప్పింది నేనే, తక్కువ చెప్పాను. ఆ సమయానికి అక్కడ ఇంటి మనిషి ఒక్కరూ లేకపోవడం కూడా నా తప్పే. అంత దూరం నుంచి వచ్చి పిల్లలతో ఆకలిగా తిరిగి వెళ్లారంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. క్షమించండి. వచ్చే ఆదివారం అమ్మాయి, అల్లుడు మా ఇంట్లోనే ఉంటారు. మీ నలుగురూ మధ్యాహ్నం భోజనానికి రావాలి. సాయంత్రం ఫోన్ చేసి పిలుస్తాను.’

ఇందులో జరిగింది పేరు పెట్టి చెప్పాడు. కారణం ఒక్క వాక్యంలో ముగించాడు. ఆ కారణంలో వేలు తనవైపే చూపించుకున్నాడు. బస్సు ప్రయాణం, పిల్లలు, ఆకలి అంటూ ఆ కుటుంబానికి మాత్రమే చెందిన సంగతులు రాశాడు కాబట్టి ఇది అందరికీ పంపిన కాగితం కాదని అన్నయ్యకు అర్థమవుతుంది. సరిదిద్దే మాటకు రోజు ఉంది, పూట ఉంది. ‘ఎప్పుడైనా ఇంటికి రండి’ అంటే ఎవరూ రారు, రారని అన్నవాళ్లకూ తెలుసు.

రెండో వరుసలో ఉన్నవాళ్లకు ఇంత పొడుగు అక్కర్లేదు. ఆగి, సాంబారన్నం తిన్న ఆఫీసు పెద్దాయనకు:

‘సార్, నిన్న రాత్రి మీకు సరైన భోజనం పెట్టలేకపోయాను. బిర్యానీ, కూరలు అయిపోయి, మీరు చాలాసేపు నిలబడి సాంబారన్నంతో లేచారు. లెక్క తక్కువ చెప్పింది నేనే. మీరు మా పిల్లల్ని ఒక్క మాట కూడా అనకుండా ఓపిక పట్టారు. క్షమించండి సార్. సోమవారం ఆఫీసులో స్వయంగా కలుస్తాను.’

ఈయన్ను ఇంటికి విందుకు పిలవకపోయినా లోటేమీ లేదు. అరవై మందికీ మళ్లీ విందు పెడతానని ఆవేశంలో మాటిచ్చి, నెల గడిచాక మానేస్తే రెండుసార్లు అవమానించినట్టవుతుంది. చేయగలిగిందే రాయాలి. ఏడు ఇళ్లను రెండేసి చొప్పున నాలుగు ఆదివారాల్లో భోజనానికి పిలవడం ఏ ఇంటికైనా సాధ్యమయ్యే పనే. వాళ్లిచ్చిన చదివింపులు వెనక్కి పంపడం, తిండి డబ్బు లెక్కకట్టి ఇవ్వడం మాత్రం చేయకూడదు. అది బంధుత్వాన్ని బేరంలోకి దించుతుంది.

వియ్యాలవారికి మెసేజ్ కుదరదు

లోటు పడిన వాళ్లలో మగపెళ్లివారి తరఫు వాళ్లుంటే వ్యవహారం మారుతుంది. వాళ్ల చుట్టాల ముందు తల దించుకోవాల్సి వచ్చింది వియ్యంకుడికి. ఆయనకు మర్నాడు పొద్దున్నే అమ్మాయి తండ్రి ఫోన్ చేయాలి, ఊళ్లోనే ఉంటే భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. కొత్త పెళ్లికూతురి చేత చెప్పించడం ఎంతమాత్రం తగదు. అత్తింట్లో మొదటి వారంలోనే ఆ అమ్మాయి నెత్తిన ఈ బరువు పడకూడదు. ఫోన్‌లో మాట ఇంతే చాలు:

‘బావగారూ, నిన్న మీ వైపు నుంచి ఆఖర్న వచ్చినవాళ్లకు భోజనం సరిగా అందలేదు. లెక్క తప్పింది నేను. మీ వాళ్ల ముందు మీకు చిన్నతనం తెచ్చాను, క్షమించండి. ఎవరెవరికి అందలేదో చెబితే నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. మా తరఫున మీరు సర్దిచెప్పనక్కర్లేదు.’

ఆఖరి మాట ముఖ్యం. ‘మీవాళ్లకు మీరే నచ్చజెప్పండి’ అంటే మన తప్పును ఆయన చేత మోయించినట్టు. పేర్లు తీసుకుని మనమే చేస్తే ఆయన ఇంటి గౌరవమూ నిలబడుతుంది. ఆడవాళ్ల వైపు నుంచి అమ్మాయి తల్లి ‘వదినగారూ’ అంటూ విడిగా ఒక మాట అనుకుంటే ఇంకా మంచిది. పేరంటానికి వచ్చి తినకుండా వెళ్లినవాళ్లెవరో ఆవిడకే బాగా తెలుస్తుంది.

బొట్టు పెట్టి పిలిచిన పెద్దలకూ ఇదే పద్ధతి. ఇంటికి వెళ్లి పిలిచినవాళ్లకు కనీసం గొంతయినా వినిపించాలి. కార్డు వాట్సాప్‌లో పంపి పిలిచినవాళ్లకు వాట్సాప్‌లో రాస్తే సరిపోతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లు, పసిపిల్లల తల్లులు ఆలస్యంగా తిన్నట్టు తెలిస్తే రాతకంటే ముందు ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడగాలి. విందు తిని ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని తెలిస్తే అది పూర్తిగా వేరే విషయం. అప్పుడు ఏ వంటకం మీద అనుమానమో తిన్నవాళ్లందరికీ వెంటనే తెలియజేసి, డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పాలి. క్షమాపణ తర్వాత.

ఎప్పుడు, ఎలా చేర్చాలి?

రాత్రికి రాత్రి రాసింది అంత మంచిగా ఉండదు. అలసట, కేటరింగ్ ఆయన మీద కోపం రెండూ అందులోకి జారిపోతాయి. అలాగని మూడు రోజులు ఆగితే, ఎవరో అడిగాక రాసినట్టుంటుంది. మర్నాడు ఉదయం టిఫిన్ల వేళకు జాబితా తేల్చి, మధ్యాహ్నంలోగా అందరికీ చేర్చడం సరైన కొలత. ఆ పని అయ్యేదాకా ఫొటోలు, కృతజ్ఞతల మెసేజ్ ఆపాలి. ముఖ్యంగా బఫే టేబుళ్ల ఫొటోలు, స్వీట్ల ఫొటోలు గ్రూపులో పెట్టకూడదు. తినకుండా వెళ్లినవాళ్లు ఆ గ్రూపులోనే ఉంటారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పడేస్తే విడివిడిగా వెళ్లినట్టే ఉంటుంది కదా అనుకుంటారు కొందరు. అందులో ఒక చిక్కుంది. మన నంబరు తన ఫోన్‌లో సేవ్ చేసుకోనివాళ్లకు ఆ మెసేజ్ అసలు చేరదు. చేరినవాళ్లయినా పేరు లేని పిలుపు, అందరికీ సరిపోయే మాటలు చూసి ఇట్టే పసిగడతారు. ఇరవై రెండు ఇళ్లకు ఒక్కొక్కటిగా రాయడానికి రెండు గంటలు పడుతుంది. రాయడం రాని పెద్దవాళ్లయితే పిల్లల చేత టైప్ చేయించుకోవచ్చు, మాటలు మాత్రం తమవే కావాలి. లేదా వాయిస్ మెసేజ్ పంపవచ్చు.

పంపాక మూడు రకాల జవాబులు వస్తాయి. ఎక్కువమంది ‘అయ్యో, దానిదేముందండీ, పెళ్లిళ్లలో మామూలే’ అంటారు. అప్పుడు ‘అవునండీ, అసలు జరిగిందేమిటంటే’ అంటూ వివరణకు దిగకూడదు. ‘మీ మంచితనం’ అని ఆగిపోవాలి. కొందరు జవాబే ఇవ్వరు. నీలం టిక్కులు చూసుకుంటూ ‘చూశారా?’ అని మళ్లీ గుచ్చకూడదు. జవాబు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఒకరిద్దరు మాత్రం నిష్ఠూరంగానే మాట్లాడతారు. ‘పాతిక వేలు చదివించి పస్తు వెళ్లాం’ అనీ అనవచ్చు. ఆ మాటకు ఎదురు లెక్క చెప్పకుండా, ‘నిజమే, మీరు అన్నదాంట్లో తప్పు లేదు’ అని ఒప్పుకుని, పిలిచిన ఆదివారానికి మళ్లీ గుర్తు చేయాలి. కోపంగా మాట్లాడినవాళ్లు భోజనానికి వస్తారు. మౌనంగా ఉన్నవాళ్ల ఇంటికే మనం వెళ్లాల్సి వస్తుంది.

ఎంత చక్కగా రాసినా ఒక్క మెసేజ్‌తో అంతా సర్దుకోదు. తర్వాత వాళ్లింట్లో జరిగే శుభకార్యానికి ముందుగా వెళ్లి ఒక చేయి వేయాలి. మన ఇంట్లో జరిగే తర్వాతి కార్యంలో ఆ ఇళ్లవాళ్లను మనమే చేయి పట్టుకుని మొదటి బంతిలో కూర్చోబెట్టాలి. ఆ కార్యానికి ప్లేట్ల లెక్క వేసేటప్పుడు శుభలేఖల్ని రెండుతో గుణించి ఊరుకోకుండా, ఏ ఇంటి నుంచి ఎందరో పేరుపేరునా రాసుకోండి. డ్రైవర్లను, కెమెరా వాళ్లను, మేళగాళ్లను కూడా అందులో కలపండి. డైనింగ్ దగ్గర ఆఖరి దాకా నిలబడే ఇంటి మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. ఈలోగా లోటు జరిగిపోయి ఉంటే గ్రూపులో ఫొటోలు పెట్టేముందు చదివింపుల పుస్తకం ఆఖరి పేజీ తీయండి. మొదటి ఫోన్ అక్కడున్న పేరుకే చేయండి.